కొలత మారినా కథ మారకూడదు: వాననీటి వీడియో స్క్రిప్టును తెలుగు ప్రేక్షకులకు మార్చడం

ప్రశ్న: అమెరికా ప్రేక్షకుల కోసం చేసిన ఆరు నిమిషాల వీడియో స్క్రిప్టును తెలుగువాళ్లకు తగ్గట్టు మార్చమని నాకు ఇచ్చారు. కప్పు మీద పడే వాననీటిని పట్టి దాచుకోవడం గురించి. సీన్ల వరుస, బొమ్మలు, నిడివి మార్చకూడదట. జాతీయాలు, ఉదాహరణలు, కొలతలు మాత్రం మార్చాలట. "వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే 600 గ్యాలన్లు, అంటే మీకు నెల రోజుల షవర్లు" అన్నది అసలు విషయం. మొదట్లో "వాన రోజు కోసం దాచుకో" అనే ఇంగ్లీషు నానుడి ఉంది, సీసాలో నాణెం వేసే బొమ్మతో. చివర మళ్లీ అదే వస్తుంది. యూనిట్లు కన్వర్టర్‌లో పెట్టి మార్చి, నానుడికి బదులు ఒక తెలుగు సామెత పెడితే సరిపోతుందా?

జవాబు:

సరిపోదు. కన్వర్టర్‌కు ఒక్కో అంకె విడివిడిగా కనిపిస్తుంది. మీ స్క్రిప్టులో అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నాయి. సామెత సంగతీ అంతే, దాన్ని ఒక బొమ్మకూ ఒక ముగింపుకూ కట్టేశారు. అందుకే మాటలు మార్చడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. స్క్రిప్టు పక్కన ఒక గడి గీసి, ప్రతి వాక్యం అక్కడ ఎందుకు ఉందో రెండు మూడు మాటల్లో రాయండి. "ఆసక్తి పుట్టించడం", "ఇంత నీరా అనిపించడం", "అనుమానం తీర్చడం", "హెచ్చరిక", "మొదటి మాటకు తిరిగి రావడం". నిర్మాణం మార్చవద్దని వాళ్లు అడుగుతున్నది ఈ గడిలో ఉన్న వరుసను మార్చవద్దనే. ఎడమవైపు వాక్యం పూర్తిగా మారిపోయినా, కుడివైపు రాసుకున్న పని అదే చోట, అంతే సేపట్లో జరిగితే నిర్మాణం చెక్కుచెదరనట్టే. వాక్యం అచ్చంగా మిగిలి పని జరగకపోతే మాత్రం నిర్మాణం కూలినట్టే.

ముందు అంకెలు చూద్దాం, ఎక్కువ మంది జారిపడేది అక్కడే.

అసలు స్క్రిప్టులో లెక్క ఇలా నడిచి ఉంటుంది. 1,000 చదరపు అడుగులు, 1 అంగుళం వాన, 0.623 అనే గుణకం, మొత్తం 623 గ్యాలన్లు. దాన్ని గుండ్రంగా 600 అన్నారు. ఒక షవరుకు నిమిషానికి రెండున్నర గ్యాలన్ల చొప్పున ఎనిమిది నిమిషాలు, అంటే 20 గ్యాలన్లు. 600ను 20తో భాగిస్తే 30. నెలకు 30 రోజులు. ఈ 30 అనేదే ఆ వీడియోకు ప్రాణం. మిగతా అంకెలన్నీ దాన్ని చేరుకోవడానికి ఎక్కే మెట్లు.

ఇప్పుడు కన్వర్టర్ పద్ధతిలో మారిస్తే 92.9 చదరపు మీటర్లు, 25.4 మిల్లీమీటర్లు, 2271.2 లీటర్లు, షవరుకు 75.7 లీటర్లు అని వస్తుంది. లెక్క తప్పు కాదు, కానీ వినేవాడికి ఒక్క అంకె కూడా గుర్తుండదు. పైగా మూలంలో "సుమారు" అన్న మాటకు విలువ లేకుండా పోయింది. మూలకర్త 623ను 600 చేశాడంటే పదుల లెక్క తనకు అక్కర్లేదని చెప్పినట్టే. మనం దశాంశాల దాకా వెళితే ఆయనకు లేని కచ్చితత్వాన్ని ఆయన నోట పెట్టినట్టవుతుంది.

కాబట్టి అంకెలను మార్చకండి, లెక్కను మొదటి నుంచి మళ్లీ కట్టండి. మొదటి మెట్టు కప్పు. మన దగ్గర ఇంటి విస్తీర్ణం చదరపు అడుగుల్లోనే చెప్పుకుంటాం, కాబట్టి 1,000 చదరపు అడుగులు అలాగే ఉంటుంది. దాన్ని 93 చదరపు మీటర్లు అంటే ఇల్లు కళ్ల ముందు నుంచి మాయమవుతుంది. రెండో మెట్టు వాన. వానను మన వార్తల్లో మిల్లీమీటర్లలో, సెంటీమీటర్లలో చెబుతారు, కాబట్టి అంగుళం పోయి 25 మిల్లీమీటర్లు వస్తుంది. వాతావరణ శాఖ వర్గీకరణలో ఒక రోజులో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే అది మోస్తరు వర్షం. మూలంలో "ఓ మాదిరి వాన" అనే అర్థంతో ఏదైనా మాట ఉంటే "మోస్తరు వాన" అని నిశ్చింతగా పెట్టవచ్చు, అంకెకూ మాటకూ పొత్తు కుదిరింది. మూడో మెట్టు గుణకం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. చదరపు అడుగుకైతే 0.093 లీటరు. అంటే తెర మీద ఈ లెక్కకు మూడు గడులున్న గ్రాఫిక్ ఉంటే దాన్ని కదిలించనక్కర్లేదు. 1,000, 25, 0.093 అని గడులు నింపితే 2,325 వస్తుంది. నోటితో "సుమారు రెండు వేల మూడు వందల లీటర్లు" అంటారు. మూలంలో 623 నుంచి 600కు వచ్చినట్టే మనం 2,325 నుంచి 2,300కు వచ్చాం.

నాలుగో మెట్టు షవరు. ఇక్కడ ఉదాహరణే మారాలి. ఎనిమిది నిమిషాల షవరుతో రోజు మొదలుపెట్టేవాళ్లు మన ప్రేక్షకుల్లో కొందరు ఉండవచ్చు గాని, నీళ్ల లెక్క అనగానే ఎక్కువ మందికి తట్టేది బకెట్. స్నానాల బకెట్ దాదాపు 20 లీటర్లు పడుతుంది. తొందరపడి 2,300ను 20తో భాగిస్తే 115 స్నానాలు. అంకె పెద్దదే, కానీ "ఒక్క వాన, ఒక నెల" అనే మాట ఎగిరిపోయింది. ముగింపులో నెల క్యాలెండరు బొమ్మ ఉంటే అది కూడా వృథా. అందుకని భాజకాన్ని వెతకాలి. నలుగురున్న ఇల్లు, మనిషికో బకెట్, రోజుకు 80 లీటర్లు. 2,300ను 80తో భాగిస్తే 28 దాటి మిగులుతుంది. "దాదాపు నెల రోజులు." అమెరికాలో ఒక్క మనిషి షవరుకు అయ్యే నీరు 75 లీటర్ల పైచిలుకు, ఇక్కడ నలుగురి స్నానాలకు అయ్యేది 80 లీటర్లు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మీ లెక్క మూలం కంటే బలంగా తయారైంది. అక్కడ "మీకు నెల రోజుల షవర్లు", ఇక్కడ "ఇంటిల్లిపాదికీ నెల రోజుల స్నానాలు". నిర్మాణంలో ఒక్క ఇటుక కదలలేదు.

అన్నిసార్లూ ఇంత చక్కగా కుదరదు. కుదరనప్పుడు మూలంలోని చివరి అంకెను అలాగే నిలిపి, వెనుక లెక్కను దానికి తగ్గట్టు వంచాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. బకెట్‌ను 25 లీటర్లనో, వానను 30 మిల్లీమీటర్లనో సర్దితే చూసేవాడు తన ఇంట్లో లెక్క వేసుకున్నప్పుడు తేలిపోతుంది. కుదరకపోతే "నెల" పోయి "మూడు వారాలు" రావచ్చు. అప్పుడు ఆ అంకె వీడియోలో ఎక్కడెక్కడ వస్తుందో అన్ని చోట్లా మార్చాలి: మాట, తెర మీది అక్షరాలు, ఉపశీర్షికలు, వీడియో కింద రాసే వివరణ, పైకి కనిపించే ముఖచిత్రం. ఈ చివరి రెంటినీ మర్చిపోయి, ముఖచిత్రంలో 600 గ్యాలన్లు, లోపల 2,300 లీటర్లు ఉన్న వీడియోలు చాలానే చూశాను.

ఈ లెక్కలో ఇంకో మంచి సంగతి ఉంది. అమెరికాలో వాననీటికి వాడే పీపా సాధారణంగా 55 గ్యాలన్లది, అంటే 208 లీటర్లు. మన దగ్గర అందరికీ తెలిసిన 200 లీటర్ల డ్రమ్ము అదే. మూలంలో పీపాలను వరుసగా నిలబెట్టి చూపిస్తే 600ను 55తో భాగించి పదకొండు పెట్టి ఉంటారు. మన లెక్కలో 2,300 లీటర్లు 200 చొప్పున పదకొండు డ్రమ్ములు నింపి ఇంకో సగం మిగులుతాయి. బొమ్మలో పదకొండు పీపాలుంటే "పదకొండు డ్రమ్ములు నిండి ఇంకా మిగులుతాయి" అనండి, బొమ్మ అబద్ధం కాదు. బొమ్మల్లో లెక్కపెట్టగలిగే వస్తువులు ఎక్కడున్నాయో ముందే చూసి రాసుకోవడం ఇందుకే.

యూనిట్ల విషయంలో నేను పాటించే నియమం ఒక్కటే. ఆ వస్తువును ఆ ప్రాంతం మనిషి దేనితో కొలుస్తాడో అదే వాడాలి, దేశం అధికారికంగా ఏ పద్ధతిలో ఉందన్నది తర్వాతి మాట. మన దేశం మెట్రిక్ పద్ధతిలోకి వచ్చి దశాబ్దాలైనా మనిషి ఎత్తు అడుగుల్లోనే చెబుతాం, పైపును ముప్పావు ఇంచి, నాలుగు ఇంచీలు అనే అంటాం. ఎండ సెల్సియస్‌లో, జ్వరం ఫారెన్‌హీట్‌లో. కప్పు మీది నీళ్లు దిగే పైపు నాలుగు అంగుళాలని మూలంలో ఉంటే దాన్ని 101.6 మిల్లీమీటర్లు చేయడం ప్రేక్షకుడికి చేసే మేలు కాదు.

ఉష్ణోగ్రత అనగానే ఒక జాగ్రత్త. "నీడలో పెట్టిన పీపాలో నీళ్లు 20 డిగ్రీలు చల్లగా ఉంటాయి" అనే వాక్యం ఉందనుకోండి. అది రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. తేడాను మార్చేటప్పుడు 32 తీసివేయకూడదు, 1.8తో భాగించాలి. 20 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా అంటే సుమారు 11 సెల్సియస్ డిగ్రీల తేడా. కన్వర్టర్‌లో 20 కొడితే సున్నా కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే అది దాన్ని వాతావరణ రీడింగు అనుకుంటుంది. ఇంత విడ్డూరమైన అంకె వస్తే ఎవరైనా పట్టుకుంటారు. కానీ తేడా 60 డిగ్రీలైతే కన్వర్టర్ 15.6 అంటుంది, నిజానికి అది 33. పదిహేను అన్నది నమ్మదగ్గట్టే ఉంటుంది కాబట్టి అలాగే దాటిపోతుంది. గ్యాలన్ కూడా అంతే. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్ గ్యాలన్ 4.546. స్క్రిప్టు ఎక్కడ పుట్టిందో తెలియకుండా గ్యాలన్‌ను ముట్టుకోకండి.

ఇక ఉదాహరణలు. వీటిలో చిక్కు ఏమిటంటే, కొన్ని కొలతలు కొలతల్లా కనిపిస్తాయి గాని నిజానికి ఉదాహరణలు. "పావు ఎకరం స్థలంలో ఉన్న ఇల్లు" అని అమెరికా స్క్రిప్టులో ఉంటే రచయిత ఉద్దేశం "మామూలు ఇల్లు" అని. దాన్ని ఆంధ్రవాళ్ల కోసం 25 సెంట్లు, తెలంగాణవాళ్ల కోసం 10 గుంటలు అని మార్చవచ్చు, రెండూ లెక్కకు సరే. కానీ అది 1,210 గజాల స్థలం. వినేవాడు "ఇది మనకు కాదు, తోట ఉన్న దొరలకు" అనుకుని చూడటం ఆపేస్తాడు. మీ గడిలో ఆ వాక్యం పని "ఇది మీలాంటి వాళ్ల ఇల్లే" అని కదా రాసుకున్నారు. అందుకే "200 గజాల స్థలంలో ఉన్న ఇల్లు" అనండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు అందులో హాయిగా ఇముడుతుంది. గజం అనడంలో ఇంకో లాభం, ఇంటి స్థలానికి రెండు రాష్ట్రాల్లోనూ తెలిసిన కొలత అది. సెంట్లా, గుంటలా అన్న పేచీ రాదు.

కప్పు సంగతి కూడా చూడండి. అక్కడి ఇళ్లకు వాలు కప్పు, చూరు పొడవునా గట్టర్లు. వానకు ముందు గట్టర్లలో ఆకులు తీసేయమనే సలహా తప్పకుండా ఉంటుంది. మన డాబాకు గట్టరు ఉండదు, పిట్టగోడ అడుగున నీళ్లు దిగే పైపు మూతి ఉంటుంది. సలహా పని "వాన రాకముందు చేయాల్సిన ఒక్క చిన్న పని" అయితే "డాబా ఊడ్చి, పైపు మూతి దగ్గర చెత్త తీసేయండి" అన్నది అదే పని చేస్తుంది. బొమ్మలో మనిషి నిచ్చెనెక్కి గట్టరులో చేయి పెడుతుంటే మాత్రం మాటకూ బొమ్మకూ పొసగదు. అక్కడ మీకు రెండే దారులు. బొమ్మ మార్చమని అడగాలి, లేదా "నీళ్లు దిగే దారిలో చెత్త ఉండకూడదు" అని రెంటికీ సరిపోయేలా చెప్పాలి. రెండోది ఎప్పుడూ కొంచెం పలచగా ఉంటుంది, అయినా అబద్ధం కాదు. మొదట జారిన మురికి నీళ్లను వదిలేయమన్న చోట మూలంలో వెయ్యి చదరపు అడుగులకు పది గ్యాలన్లు అని ఉంటే, అది 38 లీటర్లు, అంటే "మొదటి రెండు బకెట్లు". బకెట్‌ను ఇప్పటికే పరిచయం చేశారు కాబట్టి ఇక్కడ దానికే తిరిగి రండి.

జాతీయాల దగ్గరికి వద్దాం. "వాన రోజు కోసం దాచుకో" అన్న నానుడిలో వాన అంటే కష్టకాలం. మనకు వాన అంటే కష్టం కాదు, ఎదురుచూపు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు తెస్తే అర్థం కాకపోవడం ఒక్కటే నష్టం కాదు, భావం తలకిందులవుతుంది. అక్కడి వీడియో బహుశా వానను చికాకుగా మొదలుపెట్టి నిధిగా ముగిస్తుంది. ఆ మలుపు మన దగ్గర పని చేయదు, ఎందుకంటే వాన అంటే ముందే ఇష్టం. చికాకు పడాల్సిన వస్తువును మార్చండి. "వాన పడిందని సంబరపడతాం, నీళ్లు మాత్రం రోడ్డు పాలవుతాయి." అదే చోట అదే అసంతృప్తి, తర్వాత అదే మలుపు.

నానుడి స్థానంలో మొదట తట్టేది "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి". భావం దగ్గరగానే ఉంది. కానీ తెర మీద సీసాలో నాణెం పడుతోంది, నోట దీపం మాట వస్తోంది. చూసేవాడు ఒక్క క్షణం తికమకపడతాడు, మొదటి పది సెకన్లలో ఆ క్షణం చాలా ఖరీదైనది. నాణేనికి తగిన మాట మనకు సిద్ధంగానే ఉంది, "నాలుగు రాళ్లు వెనకేసుకోవడం". "చేతిలో ఉన్నప్పుడే నాలుగు రాళ్లు వెనకేసుకోవాలని పెద్దలంటారు" అని మొదలుపెట్టండి, నాణెం సీసాలో పడుతుంది. చివర డ్రమ్ములో నీళ్లు పడే బొమ్మ దగ్గర "ఈసారి వాన పడితే నాలుగు చుక్కలు వెనకేసుకోండి" అనండి. మూలంలోని చమత్కారం, మొదటికీ చివరికీ ఉన్న ముడి, రెండూ నిలిచాయి. బొమ్మను చూసుకుంటూ, చివరి వాక్యం నుంచి వెనక్కి వెతికితే ఇలాంటివి దొరుకుతాయి. సామెతల పుస్తకం తిరగేస్తే దొరకవు.

ముడి లేని జాతీయాలకు ఇంత శ్రమ వద్దు. "ఒక్క పీపా అంటే బకెట్‌లో చుక్క" అన్న వాక్యానికి "ఒక్క డ్రమ్ము ఏ మూలకు?" చాలు. "రాకెట్ శాస్త్రం కాదు" అన్నదానికి "ఇదేమీ బ్రహ్మవిద్య కాదు". మిగతావాటిని మామూలు మాటల్లో చెప్పేయండి. ఇంగ్లీషు జాతీయం ఉన్న ప్రతి చోటా ఒక తెలుగు సామెత పెట్టాలన్న నియమం ఏదీ లేదు. సామెత బరువైనది. మూలంలో చలాకీగా మాట్లాడే యువకుడి గొంతు నిమిషానికి రెండు సామెతలు పలికితే అరుగు మీద కూర్చున్న తాతగారి గొంతు అయిపోతుంది. ఆరు నిమిషాలకు నేనైతే రెండు మూడుకు మించనివ్వను.

మీరు సొంతంగా నిర్ణయించకూడని చోటు ఒకటి ఉంటుంది. అమెరికా స్క్రిప్టు కాబట్టి "మంచు గడ్డకట్టే రోజులు రాకముందే పీపా ఖాళీ చేయండి, లేకపోతే పగులుతుంది" అన్న హెచ్చరిక ఉండే అవకాశం ఎక్కువ. మన ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టవు. తీసేస్తే ఆ పన్నెండు సెకన్లు ఖాళీ అవుతాయి, మూడు హెచ్చరికలు అని ముందే చెప్పి ఉంటే లెక్క తప్పుతుంది. దానికి దీటైనది మన ఎండ. ఎండలో ఉంచిన ప్లాస్టిక్ కాలక్రమేణా పెళుసెక్కి పగుళ్లిస్తుంది, వెలుతురు తగిలిన నీళ్లలో పాచి పెరుగుతుంది. "డ్రమ్మును నీడలో పెట్టి మూత వేయండి" అన్నది అదే స్థానంలో సరిపోతుంది. కాకపోతే ఇది మాట మార్పు కాదు, కొత్త సమాచారం. రచయిత పేరు మీద వెళ్లే వీడియోలో ఆయన చెప్పని విషయం చేరుస్తున్నారు. కాబట్టి ప్రతిపాదనగా రాసి, రచయిత ఒప్పుకున్నాకే పెట్టండి. నెల రోజులు నిల్వ ఉన్న నీటిని దేనికి వాడవచ్చో చెప్పే వాక్యాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటిని మీరు మెత్తబరచవద్దు, గట్టిపరచవద్దు.

నిడివి గురించి క్లుప్తంగా. ఇంగ్లీషు వ్యాఖ్యానాన్ని నిమిషానికి 150 పదాల చొప్పున లెక్కగడతారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు, మన ఒక్క పదంలో వాళ్ల రెండు మూడు పదాలు ఇమిడిపోవచ్చు. గడియారం పెట్టుకుని గట్టిగా చదవడం ఒక్కటే కొలత. మొత్తం ఆరు నిమిషాలు సరిపోయిందా అని కాకుండా సీను సీనుకూ చూడండి, ఎందుకంటే బొమ్మలు సీనుకు కట్టి ఉన్నాయి. ఎక్కువగా పెరిగేది అంకెల దగ్గరే. "రెండు వేల మూడు వందల లీటర్లు" పలకడానికి ఇంగ్లీషులో ఆరు వందల గ్యాలన్లు పలకడం కంటే స్పష్టంగా ఎక్కువ సేపు పడుతుంది. మూలంలో అంకె నాలుగుసార్లు వస్తే మీరు మొదటిసారి, చివరిసారి పూర్తిగా చెప్పి, మధ్యలో "అన్ని నీళ్లు" అనండి. తెర మీద అంకె ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది.

పూర్తయ్యాక రెండు పరీక్షలు. మొదటిది, మీ తెలుగు స్క్రిప్టును మాత్రమే చూస్తూ, ప్రతి వాక్యం చేస్తున్న పనిని మళ్లీ ఒక గడిలో రాయండి, మొదటి గడిని చూడకుండా. తర్వాత రెంటినీ పక్కపక్కన పెట్టండి. ఎక్కడైనా ఒక పని మాయమైతే, లేదా రెండు పనులు చోట్లు మార్చుకుంటే అక్కడ నిర్మాణం చెదిరినట్టే. సాధారణంగా ఇది ఉదాహరణ మార్చిన చోట జరుగుతుంది. ఉదాహరణ మనకు నచ్చితే రెండు వాక్యాలు ఎక్కువ రాస్తాం, పక్కనున్న హెచ్చరిక కుంచించుకుపోతుంది. రెండోది, మూలం చూడని మనిషికి బొమ్మలతో సహా చదివి వినిపించి, ఏ అంకె గుర్తుందని అడగండి. "ఒక్క వాన, నెల రోజులు" అంటే మీ పని అయింది. "ఇరవై అయిదు మిల్లీమీటర్లు" అంటే మెట్టు గుర్తుండి మేడ గుర్తులేదన్నమాట, నెల మాటను ఆ సీను చివరి వాక్యంగా జరపండి.

ఎడిటరుకు స్క్రిప్టుతో పాటు ఒక పట్టిక కూడా పంపండి: సీను సంఖ్య, తెర మీద ఉన్న పాత అక్షరాలు, కొత్త అక్షరాలు, బొమ్మ మారాలా వద్దా. రచయితను అడగాల్సినవి అందులోనే వేరే రంగులో ఉంచండి. మీ స్క్రిప్టులో ఇలాంటివి రెండో మూడో మాత్రమే తేలతాయని నా అంచనా: గట్టరు, గడ్డకట్టడం, బహుశా షవరు బొమ్మ.